గూగుల్‌లో కనిపించే ఆ రెండు వాక్యాలు ఎక్కడివి?



అర్ధరాత్రి బిడ్డకు ఒళ్లు కాలిపోతుంటే డాక్టరుగారికి ఫోన్ చేసే లోపల మనలో చాలామంది చేసే పని ఒకటుంది. ఫోన్ తీసి, గూగుల్‌లో నాలుగు మాటలు టైప్ చేస్తాం. వరుసగా ఫలితాలు వస్తాయి. ఒక్కో ఫలితంలో పైన పేజీ పేరు, దాని కింద చిన్న అక్షరాల్లో రెండు మూడు వరుసలు ఉంటాయి. మనం టైప్ చేసిన మాటలు అందులో కొంచెం మందంగా, బోల్డ్‌లో కనిపిస్తాయి. ఆ రెండు మూడు వరుసలనే స్నిప్పెట్ అంటారు.

తొందరలో ఉన్నప్పుడు పేజీ తెరవం. స్నిప్పెట్ చదివి, జవాబు దొరికిందనుకుంటాం. పిల్లలు కూడా ప్రాజెక్టు వర్క్‌కు అదే పని చేస్తారు. అయితే ఆ వాక్యాలను పేజీ రాసినవారు మన ప్రశ్నకు జవాబుగా రాయలేదు. పేజీలోంచి వాటిని ఒక ప్రోగ్రామ్ అప్పటికప్పుడు కోసి తెచ్చింది. ఎక్కడ కోయాలో అది ఎలా నిర్ణయిస్తుందో తెలిస్తే, స్నిప్పెట్‌ను ఎంతవరకు నమ్మాలో మనకే అర్థమవుతుంది. ఈ నెల ఆ సంగతి చూద్దాం.

ముందు పేజీ, తర్వాత వాక్యం

సెర్చ్ ఇంజన్ చేసేవి రెండు వేర్వేరు పనులు. మొదటిది, కోట్ల పేజీల్లోంచి మన ప్రశ్నకు సరిపోయే పేజీలను ఏరి వరుసలో పెట్టడం. ఇందులో పేజీ ఎంత నమ్మదగినది, ఎంతమంది దానికి లింకు ఇచ్చారు వంటివి ఎన్నో చూస్తుంది. రెండోది, ఆ వరుసలో మనకు చూపించే పేజీల్లో ఒక్కోదానిలోంచి ఏ ముక్క చూపాలో ఎంచుకోవడం. స్నిప్పెట్ పుట్టేది ఈ రెండో పనిలో.

ఈ తేడా గుర్తుంచుకోవాలి. పేజీ మంచి ఆసుపత్రిదో, పెద్ద యూనివర్సిటీదో కావచ్చు. కానీ అందులోంచి ముక్కను ఎంచింది ఆ ఆసుపత్రి డాక్టరు కాదు. పేజీ మీద ఉన్న నమ్మకం, ముక్క మీదికి దానంతట అది రాదు.

వెబ్ మొదలైన రోజుల్లో చాలా సెర్చ్ ఇంజన్లు పేజీలోని మొదటి రెండు మూడు వరుసలనే చూపించేవి. ఎవరు ఏం అడిగినా అవే వరుసలు. పేజీ పైభాగంలో చాలాసార్లు స్వాగతం పలకడమో, మెనూ మాటలో ఉంటాయి కాబట్టి, మనకు కావలసింది లోపల ఉందో లేదో వాటిని చూసి తెలిసేది కాదు. 1998లో అనస్టాసియోస్ టోంబ్రోస్, మార్క్ శాండర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. ఒక గుంపుకు ప్రతి పత్రం నుంచి మొదటి వాక్యాలు చూపించారు. ఇంకో గుంపుకు, అడిగిన ప్రశ్నలోని మాటలున్న వాక్యాలను ఏరి చూపించారు. రెండో గుంపువారు తమకు పనికొచ్చే పత్రాలను తొందరగా, తక్కువ తప్పులతో గుర్తుపట్టారు. పూర్తి పత్రం తెరిచి చూడవలసిన అవసరమూ వారికి తగ్గింది. ఈ రోజు మనం చూసే స్నిప్పెట్ ఆ దారిలోదే.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఆ పరీక్షలో ముక్క పని, ఏ పత్రం తెరవాలో చెప్పడం. పత్రం చదవకుండానే జవాబు ఇవ్వడం కాదు. పని ఒకటైతే మనం వాడుకునేది ఇంకోదానికి. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

మార్కులు ఎలా వేస్తారు?

టోంబ్రోస్, శాండర్సన్ వాడిన లెక్క ఏడో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది. పేజీని వాక్యాలుగా విడగొడతారు. ఒక్కో వాక్యంలో మన ప్రశ్నలోని మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. ఆ సంఖ్యను దానితోనే గుణించి, ప్రశ్నలో మొత్తం ఎన్ని మాటలున్నాయో దానితో భాగిస్తారు. వచ్చినదే ఆ వాక్యానికి ప్రశ్న తరఫున పడే మార్కు.

దానితోనే ఎందుకు గుణించాలి? మాటలన్నీ ఒకేచోట ఉన్న వాక్యానికి ఎక్కువ విలువ ఇవ్వడానికి. ప్రశ్న మాటల్లో రెండు ఒక వాక్యంలో, ఇంకో రెండు వేరే వాక్యంలో ఉంటే 4, 4 వస్తాయి. నాలుగూ ఒకే వాక్యంలో ఉంటే 16 వస్తుంది. మాటలు చెల్లాచెదురుగా ఉన్నచోటి కంటే గుమికూడిన చోటే అసలు విషయం ఉంటుందన్నది దీని వెనక ఆలోచన. ఇది 1958 నాటిది. ఐబీఎం కంపెనీలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్, వ్యాసాలకు యంత్రంతో సంగ్రహం తీయడానికి ఇలాంటి లెక్కనే వాడారు.

ఇప్పటి పెద్ద సెర్చ్ ఇంజన్లు దీనికంటే చాలా క్లిష్టమైన పద్ధతులు వాడతాయి. మాట అచ్చం అదే కాకపోయినా దగ్గరి అర్థం ఉన్న మాటలను పట్టుకుంటాయి. పేజీ యజమాని స్వయంగా రాసిపెట్టిన చిన్న పరిచయం ఉంటే, అది ప్రశ్నకు బాగా సరిపోతుందనిపిస్తే గూగుల్ దాన్నే చూపవచ్చు. అయినా మూలసూత్రం మారలేదు. ప్రశ్నకు ఎక్కువ దగ్గరగా కనిపించే ముక్కకే అవకాశం ఎక్కువ.

ఒక పేజీ తీసుకుని లెక్క వేద్దాం

ఇది మన లెక్క కోసం తయారు చేసుకున్న పేజీ. పిల్లలకు ఫిట్స్ వస్తే ఏం చేయాలో ఒక డాక్టరు రాశారనుకుందాం. పేజీలో ఉన్నది ఇదీ:

1. పిల్లలకు జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలాసార్లు కొద్ది నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి.
2. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి.
3. చుట్టుపక్కల గట్టి వస్తువులు ఉంటే తీసేయండి.

తర్వాత ఒక ఉపశీర్షిక: "ఈ పనులు చేయవద్దు". దాని కింద జాబితా:

4. ఫిట్స్ వస్తే నోట్లో చెంచా లేదా గుడ్డ పెట్టడం.
5. కాళ్లు, చేతులు కదలకుండా అదిమిపట్టడం.
6. పూర్తిగా తెలివి రాకముందే నోట్లో నీళ్లు పోయడం.

ఆఖరున ఒక వాక్యం:

7. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే 108కు ఫోన్ చేయండి.

పేజీలో తప్పేమీ లేదు. మొత్తం చదివినవారికి ఏ అనుమానమూ రాదు. ఇప్పుడు కంగారులో ఉన్న ఒక తల్లి "ఫిట్స్ వస్తే నోట్లో ఏం పెట్టాలి" అని టైప్ చేసిందనుకోండి. నాలుక కొరుక్కుంటారని నోట్లో ఏదో ఒకటి పెట్టాలని మన ఇళ్లల్లో పెద్దలు చెప్పడం కొత్త కాదు కదా. ఆమె ప్రశ్నలో మాటలు ఐదు: ఫిట్స్, వస్తే, నోట్లో, ఏం, పెట్టాలి.

అచ్చంగా అవే మాటలు ఎక్కడున్నాయో చూద్దాం. మొదటి వాక్యంలో "ఫిట్స్" ఒక్కటే ఉంది. ఒకటిని ఒకటితో గుణించి ఐదుతో భాగిస్తే 0.2. రెండో వాక్యంలో, మూడో వాక్యంలో ఒక్క మాట కూడా లేదు. సున్నా. నాలుగో వాక్యంలో ఫిట్స్, వస్తే, నోట్లో అనే మూడు మాటలున్నాయి. 3 × 3 = 9, దాన్ని 5తో భాగిస్తే 1.8. ఆరో వాక్యంలో "నోట్లో" ఉంది కాబట్టి 0.2. ఐదు, ఏడు వాక్యాలకు సున్నా. "పెట్టడం", "పెట్టాలి" రెండూ ఒకే మాట రూపాలని గుర్తించే ప్రోగ్రామ్ అయితే నాలుగో వాక్యంలో మాటలు నాలుగవుతాయి. 4 × 4 = 16, భాగిస్తే 3.2.

ఎలా చూసినా నాలుగో వాక్యానికే మొదటి ర్యాంకు. మరి దాని పైనున్న "ఈ పనులు చేయవద్దు" అనే ఉపశీర్షిక సంగతి? అందులో ఆ తల్లి టైప్ చేసిన మాట ఒక్కటీ లేదు. దానికి సున్నా. కాబట్టి తెర మీద ఆమెకు కనిపించేది ఇదీ:

ఫిట్స్ వస్తే నోట్లో చెంచా లేదా గుడ్డ పెట్టడం…

ప్రోగ్రామ్ ఒక్క అక్షరం కూడా మార్చలేదు. పేజీలో లేనిది చేర్చలేదు. అయినా డాక్టరు వద్దన్న పని, చేయమన్నట్టుగా ఆమె ముందుకు వచ్చింది. ప్రాణం కాపాడే రెండో వాక్యానికి, ఏడో వాక్యానికి సున్నా మార్కులు రావడం కూడా చూడండి. వాటి విలువ తక్కువని కాదు. అడిగినవారికి ఆ మాటలు తట్టలేదు కాబట్టి, అవి ప్రశ్నలో లేవు.

2021లో నిజంగానే ఇలా జరిగింది

ఇది ఊహించుకుని భయపడే విషయం కాదు. 2021 అక్టోబరులో, ఫిట్స్ వచ్చాక ఏం చేయాలని ఇంగ్లిష్‌లో వెతికిన వారికి గూగుల్ ఫలితాల పైన పెద్ద పెట్టెలో ఒక జవాబు కనిపించింది. మనిషిని కదలకుండా పట్టుకోవడం, నోట్లో ఏదైనా పెట్టడం వంటివి అందులో ఉన్నాయి. ఆ ముక్క అమెరికాలోని యూటా యూనివర్సిటీ ఆరోగ్య విభాగం పేజీలోంచి వచ్చింది. పేజీలో మాత్రం అవన్నీ చేయకూడని పనుల జాబితా కింద ఉన్నాయి. జాబితా వచ్చింది, "చేయకండి" అన్న మాట వెనకే ఉండిపోయింది. ఈ తెర చిత్రాన్ని ఒకరు ట్విటర్‌లో పెట్టడంతో విషయం బయటపడి, వార్తల్లోకి ఎక్కింది.

పేజీ నమ్మదగినదే. సెర్చ్ ఇంజన్ ప్రపంచంలోనే పెద్దది. తప్పు జరిగింది కోత పడిన చోట. శీర్షికను, దాని కిందనున్న జాబితాను కలిపి చదవాలని మనిషికి తెలుసు. ముక్కలుగా కోసే ప్రోగ్రామ్‌కు శీర్షిక ఒక ముక్క, జాబితా ఇంకో ముక్క.

అసలు ఏం చేయాలో ఇక్కడే చెప్పుకుందాం. జ్వరంతో వచ్చే ఫిట్స్ ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో కనిపిస్తాయి. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏదీ పెట్టకూడదు. నాలుక మింగేయడం అనేది జరగదు. పెట్టిన వస్తువు వల్లే పళ్లు విరగవచ్చు, ఊపిరి అందకపోవచ్చు. చేతిలో తాళాలు, ఇనుప వస్తువులు పెడితే ఫిట్స్ ఆగవు. గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయాలి. మొదటిసారి వచ్చినా, ఆగిపోయినా సరే, డాక్టరుకు చూపించాలి.

బోల్డ్ అంటే ముఖ్యమని కాదు

పాఠ్యపుస్తకంలో బోల్డ్‌లో ఉన్నది పరీక్షకు ముఖ్యమైనదని మనకు చిన్నప్పటి నుంచి అలవాటు. స్నిప్పెట్‌లో బోల్డ్‌కు అర్థం వేరు. "మీరు అడిగిన మాట ఇక్కడుంది" అని మాత్రమే. ముక్కను ఎంచుకున్నాక, ప్రశ్నలోని మాటలు, కొన్నిసార్లు వాటికి దగ్గరి మాటలు అందులో ఎక్కడున్నాయో వెతికి, వాటి చుట్టూ ఒక గుర్తు పెడతారు. అంతకంటే దానిలో తీర్పు ఏమీ లేదు.

తెలుగులో వెతికేటప్పుడు ఇందులో ఒక మెలిక ఉంది. మన మాటలకు ప్రత్యయాలు అతుక్కుంటాయి. జ్వరం, జ్వరానికి, జ్వరంతో, జ్వరమొస్తే, ఇవన్నీ మనకు ఒకటే మాట. అచ్చం అదే మాట కోసం వెతికే ప్రోగ్రామ్‌కు నాలుగు వేర్వేరు మాటలు. అందుకే ఒక్కోసారి పేజీలో సరైన వాక్యం ఉన్నా దానికి మార్కులు పడవు, బోల్డూ పడదు. పక్కనున్న అంత అవసరం లేని వాక్యం ముందుకొస్తుంది. మూర్ఛ అని కొందరు, మూర్చ అని కొందరు రాస్తారు. ఇలా రాతలో చిన్న తేడా ఉన్నా ఇదే ఇబ్బంది.

దీన్ని సరిచేయడానికి ప్రత్యయాలను తీసేసి మాట మొదలును మాత్రమే పోల్చే పద్ధతి ఉంది. అది వేరే చిక్కు తెస్తుంది. "పెట్టాలి", "పెట్టకూడదు" అనే రెండు మాటల్లోనూ తోక కోస్తే మిగిలేది ఒకటే. "పెట్టాలి" అని అడిగితే "పెట్టకూడదు" కూడా సరిపోయిన మాటగా లెక్కకు వస్తుంది, బోల్డ్‌లో కనిపిస్తుంది. తొందరలో చూసే కన్ను ఆ బోల్డ్‌ను "అవును" అని చదువుకుంటుంది.

మూడు చుక్కల వెనక ఏముంది?

స్నిప్పెట్‌కు ఉన్న చోటు తక్కువ. ఫోన్ తెర వెడల్పును బట్టి రెండు మూడు వరుసలు, అంతే. వాక్యం అంతకంటే పొడవైతే మధ్యలో ఆపి మూడు చుక్కలు పెడతారు. పేజీలో వేర్వేరు చోట్ల ఉన్న రెండు ముక్కలను కలిపినప్పుడు కూడా మధ్యలో చుక్కలే ఉంటాయి. ఆ చుక్కల చోట ఒక మాట పోయి ఉండవచ్చు, పది పేరాలు పోయి ఉండవచ్చు. చూసి చెప్పలేం.

తెలుగు చదివేవారు ఈ చుక్కల దగ్గర ఇంకొంచెం ఆగాలి. కారణం మన వాక్య నిర్మాణం. ఇంగ్లిష్‌లో వద్దు అనే మాట సాధారణంగా క్రియకు ముందే వచ్చేస్తుంది. తెలుగులో క్రియ చివరన ఉంటుంది, అవునో కాదో చెప్పే ముక్క ఆ క్రియకు కూడా చివరన ఉంటుంది. ఈ వాక్యం చూడండి:

"ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చెంచా గానీ, గుడ్డ గానీ, తాళాలు గానీ పెట్టకూడదు."

చోటు చాలక "తాళాలు గానీ" దగ్గర ఆగిపోతే, మిగిలినది చేయమనడమో, వద్దనడమో తెలియదు. వాక్యం మొత్తానికి ప్రాణమైన మాట కత్తిరించిన భాగంలో ఉంది. "ఈ మందు ఐదేళ్ల లోపు పిల్లలకు…" అని ఆగితే, తర్వాత ఇవ్వవచ్చు అని ఉందో, ఇవ్వరాదు అని ఉందో ఊహించకూడదు. తెలుగు స్నిప్పెట్ క్రియ లేకుండా చుక్కలతో ఆగితే, ఆ వాక్యం ఇంకా ఏమీ చెప్పలేదని లెక్క.

ప్రశ్నను బట్టే ముక్క

ఇందాకటి పేజీనే మళ్లీ తీసుకుందాం. ఈసారి ఒక తండ్రి "ఫిట్స్ వస్తే ఏం చేయకూడదు" అని అడిగాడు. మాటలు నాలుగు. నాలుగో వాక్యంలో ఫిట్స్, వస్తే రెండూ ఉన్నాయి. 2 × 2 = 4, నాలుగుతో భాగిస్తే 1. మిగిలిన ఏ వాక్యానికీ అంత రాదు. అంటే ఆ తల్లికి వచ్చిన ముక్కే ఈ తండ్రికీ వచ్చింది. కానీ ఆయన చేయకూడనివి అడిగాడు కాబట్టి సరిగ్గానే అర్థం చేసుకుంటాడు. ముక్క ఒకటే. చదివిన అర్థాలు రెండు. అర్థాన్ని నింపింది పేజీ కాదు, అడిగినవారి మనసులో ముందే ఉన్న నమ్మకం.

పిల్లల చదువులోనూ ఇదే జరుగుతుంది. "ప్లూటో తొమ్మిదో గ్రహం" అని వెతికిన పిల్లవాడికి, "1930లో కనుగొన్నాక ప్లూటోను తొమ్మిదో గ్రహంగా లెక్కించారు" అన్న వాక్యం ముక్కగా రావచ్చు. బోల్డ్‌లో ప్లూటో, తొమ్మిదో గ్రహం మెరుస్తుంటాయి. తాను అనుకున్నదే నిజమని రాసేస్తాడు. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘం దాన్ని మరుగుజ్జు గ్రహాల్లోకి మార్చిందన్న సంగతి అదే పేజీలో తర్వాతి వాక్యంలో ఉండవచ్చు. పిల్లవాడి ప్రశ్నలో 2006 లేదు, మరుగుజ్జు లేదు. ఆ వాక్యానికి మార్కులు తక్కువ.

మన నమ్మకాన్ని ప్రశ్నలో పెట్టి అడిగితే, దాన్ని బలపరిచేలా కనిపించే ముక్కే ముందుకు రావడానికి అవకాశం ఎక్కువ. సెర్చ్ ఇంజన్ మనతో ఏకీభవించిందని కాదు. మన మాటలనే మనకు తిరిగి చూపించింది.

ఇంట్లో ఇలా చేసి చూడండి

ఆరోగ్యం, మందులు, పరీక్ష తేదీలు, ఫీజు గడువులు వంటి తప్పితే నష్టం జరిగే విషయాలకు ఈ నాలుగు అలవాట్లు చాలు.

పేజీ తెరిచి, పైకి జరపండి. కొన్ని ఫలితాలను నొక్కితే పేజీ నేరుగా ఆ వాక్యం దగ్గరే తెరుచుకుంటుంది, వాక్యం మీద రంగు పూసి ఉంటుంది. ఆ సమయంలో అడ్రస్ చివర `#:~:text=` అని కనిపించవచ్చు. ఇది సదుపాయమే, కానీ మనం పేజీ మధ్యలో దిగుతాం కాబట్టి పైనున్న ఉపశీర్షిక తెర మీద ఉండదు. వేలితో ఒకసారి పైకి జరిపి, ఈ వాక్యం ఏ శీర్షిక కింద ఉందో చూడండి. "చేయవద్దు", "అపోహలు", "పాత నిబంధనలు" వంటి శీర్షికలు దొరికేది అక్కడే. కంప్యూటర్‌లో అయితే `Ctrl+F` నొక్కి ఆ మాట పేజీలో ఇంకెక్కడెక్కడ ఉందో కూడా చూడవచ్చు.

చుక్కలున్న వాక్యాన్ని పూర్తి చేసుకోండి. క్రియ దాకా చదవనిదే దాన్ని సమాచారంగా తీసుకోవద్దు.

నమ్మకం లేని ప్రశ్న అడగండి. "నోట్లో ఏం పెట్టాలి" బదులు "ఫిట్స్ ప్రథమ చికిత్స" అని వెతకండి. తర్వాత దానికి ఎదురు ప్రశ్న కూడా ఒకసారి వెతకండి. రెండింటికీ ఒకే ముక్క జవాబుగా వస్తే, పేజీ తెరవవలసిందేనని అర్థం.

స్నిప్పెట్ స్క్రీన్‌షాట్‌ను క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. అది అప్పటికే కోసిన ముక్క. మనం స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పేజీ పేరు కూడా పోతే, చూసినవారికి సరిచూసుకునే దారి ఉండదు. పేజీ లింకు పంపండి. మనమే ఏదైనా సూచన రాసేటప్పుడు, పైన "ఇవి చేయవద్దు" అని ఒక్కసారి రాసి కింద జాబితా ఇవ్వకుండా, ప్రతి వరుసలోనూ "నోట్లో ఏదీ పెట్టవద్దు", "అదిమిపట్టవద్దు" అని రాస్తే, ఎవరు ఎక్కడ కోసినా అర్థం చెడదు.

ఈ ఆదివారం మీ అబ్బాయితోనో, అమ్మాయితోనో కూర్చుని ఒక చిన్న పని చేయండి. వాళ్ల పాఠంలోంచి ఒక పేరా తీసుకుని, వాళ్లనే ఒక ప్రశ్న రాయమనండి. ప్రతి వాక్యంలో ప్రశ్న మాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పైన చెప్పినట్టు మార్కులు వేయమనండి. ఎక్కువ మార్కులు వచ్చిన వాక్యం సరైన జవాబేనా అని అడగండి. తర్వాత ప్రశ్నలో ఒక్క మాట మార్చి మళ్లీ లెక్క వేయమనండి. కాగితం, పెన్సిలు ఉంటే పావుగంట పని. మార్కులు ఎక్కువ వచ్చిన వాక్యానికి, సరైన జవాబుకు తేడా ఉండవచ్చని పిల్లలు తమ చేత్తో లెక్క వేసి తెలుసుకుంటే, తర్వాత స్నిప్పెట్ చూసినప్పుడు మనం పక్కన లేకపోయినా పేజీ తెరిచి చూస్తారు.